ఒకే నంబరు, ఎన్నో రాతలు: పాత కస్టమర్‌ని గుర్తుపట్టే చిక్కు

విజయవాడలో పచ్చళ్ళు పట్టి, ఊళ్ళకీ విదేశాలకీ పార్సిళ్ళు పంపే దుకాణం ఒకటి ఉందనుకుందాం. దానికి ఆర్డర్లు మూడు దారుల్లో వస్తాయి. కౌంటరు దగ్గర బిల్లు కొట్టే కుర్రాడు "నంబరు చెప్పండమ్మా" అని అడిగి ఎక్కించుకుంటాడు. వెబ్‌సైటులో కొనేవాళ్ళు తమ నంబరు తామే టైపు చేస్తారు. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టినవాళ్ళ నంబరు అడక్కుండానే వచ్చి పడుతుంది. ఒకావిడ ఏడాదిలో ఈ మూడు దారుల్లోనూ ఆవకాయ కొన్నారు. ఆవిడ నంబరు కౌంటరు లెక్కల్లో 91770xxxxx అని, వెబ్‌సైటులో 091770-xxxxx అని, వాట్సాప్ జాబితాలో 9191770xxxxx అని పడింది. ఎవరి సొంత నంబరూ అచ్చులోకి రాకూడదని ఈ వ్యాసంలో చివరి అంకెల చోట x పెట్టాం.

మూడూ ఒకటేనని మనిషి కంటికి ఇట్టే తెలుస్తుంది. కంప్యూటరు మాత్రం అక్షరానికి అక్షరం పోల్చి, ఇవి ముగ్గురు మనుషులవని తేలుస్తుంది. మూడుసార్లు కొన్నావిడకు మూడుసార్లూ "మొదటి ఆర్డరుకు స్వాగతం" అని సందేశం వెళుతుంది. పోయిన నెల సీసా పగిలి వచ్చిందని ఆవిడ చేసిన ఫిర్యాదు ఒక ఖాతాలో ఉంటుంది, ఈ నెల ఆర్డరు ఇంకో ఖాతాలో ఉంటుంది.

నంబర్లన్నిటినీ ఒక తీరుకు తెస్తే సరిపోతుంది కదా అని అందరూ అనుకుంటారు. ఆ తీరు ఏదన్న దగ్గర వాదాలు మొదలవుతాయి. అంకెలు మాత్రం మిగిల్చి పోల్చమని కొందరు, చివరి పది అంకెలు చూస్తే చాలని కొందరు, ఏ దేశపు నంబరో తేలకుండా ఏదీ పోల్చవద్దని కొందరు అంటారు. వీటన్నిటికీ అవతల, నంబరు కలిసినంత మాత్రాన మనిషి ఒకరేనని ఎలా అంటారని అడిగేవాళ్ళూ ఉన్నారు.

ఈ సున్నాలూ ప్లస్సులూ ఎక్కడివి

మన దేశంలో ఆపరేటరు సాయం లేకుండా ఊరి నుంచి ఊరికి నేరుగా డయల్ చేసే ఎస్‌టీడీ సౌకర్యం 1960లో లక్నో, కాన్పూర్ల మధ్య మొదలైంది. నంబరు ముందు కొట్టే సున్నాకు "ఈ కాల్ మన ఊళ్ళోది కాదు, బయటికి పంపు" అని ఎక్స్‌ఛేంజికి చెప్పే పని ఉంది. అంటే అది డయల్ చేసే పద్ధతిలో భాగమే తప్ప నంబరులో భాగం కాదు. హైదరాబాద్ కోడ్ 040 అని మనం అంటాం గానీ అసలు కోడ్ 40. దాని వెనక ఎనిమిది అంకెలు వస్తాయి. విజయవాడ కోడ్ 866, దాని వెనక ఏడు అంకెలు వస్తాయి. ఎటు కూడినా పదే. మొబైల్ నంబరూ పది అంకెలదే, కాకపోతే 6, 7, 8, 9లలో ఒకదానితో మొదలవుతుంది.

మొబైల్ నంబరు ముందు సున్నా పెట్టే అలవాటు పాతబడి పోలేదు. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి చేయాలంటే ముందు సున్నా కొట్టడం తప్పనిసరి అయింది. కాబట్టి 091770 అని రాసినావిడ తప్పు రాయలేదు, డయల్ చేసే తీరులో రాశారు.

విదేశాలకు చేసేటప్పుడు మనం 00 కొడతాం, అమెరికాలో 011 కొడతారు. దేశానికో రకంగా ఉన్న ఈ ముందు అంకెలన్నిటికీ బదులుగా వచ్చిందే ప్లస్ గుర్తు. "మీ దేశంలో విదేశీ కాల్‌కి ఏది కొట్టాలో అది కొట్టండి" అని దాని అర్థం. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం వారి ఇ.164 సిఫారసు ప్రకారం దేశం కోడ్, ఆ వెనక దేశంలోని నంబరు, అన్నీ కలిపి 15 అంకెలకు మించకూడదు. 0 గానీ 00 గానీ 011 గానీ అందులో ఉండవు. మనావిడ నంబరు ఆ రూపంలో +9191770xxxxx.

సున్నా ఎక్కడున్నా తీసేయవచ్చా అంటే అదీ కుదరదు. ఇటలీలో 1998 నుంచి ల్యాండ్‌లైన్ నంబరు ముందున్న సున్నా నంబరులో భాగమే. రోమ్ నగరానికి విదేశం నుంచి చేసినా +39 వెనక 06 అనే కొట్టాలి. "దేశం కోడ్ వెనక సున్నా ఉంటే తీసెయ్" అన్న సూత్రం మన దేశానికి సరిపోతుంది, అక్కడ నంబరును పాడు చేస్తుంది.

అంకెలు మాత్రం మిగిల్చేవారు

మొదటి వాదం అన్నిటికన్నా సులువైనది. ఖాళీలు, గీతలు, బ్రాకెట్లు, ప్లస్సులు తీసేసి, ముందున్న 91నీ సున్నానీ కొట్టేస్తే మిగిలేది నంబరు. చిన్న దుకాణాల సాఫ్ట్‌వేరులో తరచు కనిపించే రెండు వరుసలు ఇవి:

```python
if s.startswith("91"):
    s = s[2:]
```

వాట్సాప్ నుంచి వచ్చిన 9191770xxxxx మీద ఇది చక్కగా పనిచేసి 91770xxxxx ఇస్తుంది. కౌంటరులో ఎక్కించిన 91770xxxxx మీద పెడితే మాత్రం 770xxxxx మిగులుతుంది, ఎనిమిది అంకెలే. 91తో మొదలయ్యే మొబైల్ నంబర్లు మన దేశంలో ఎన్నో ఉన్నాయి. ఆ కస్టమర్లందరి నంబర్లనూ ఈ రెండు వరుసలు విరగ్గొడతాయి.

దీన్ని రాత్రి పూట పాత డేటా అంతటి మీదా మళ్ళీ నడిపినప్పుడు ఇంకో నష్టం జరుగుతుంది. మొదటిసారి సరిగ్గా వచ్చిన వాట్సాప్ నంబరు కూడా రెండోసారి 770xxxxx అయిపోతుంది. ఒకసారి నడిపినా పదిసార్లు నడిపినా ఒకే జవాబు రావడం ఈ పనికి మొదటి పరీక్ష. పైథాన్‌లో `lstrip("91")` అని రాసేవాళ్ళకైతే రెండోసారి దాకా ఆగే పని కూడా లేదు. ఆ ఆదేశం "91" అనే జంటను తీయదు, ముందు వరసలో ఉన్న 9లూ 1లూ అన్నీ తీసేస్తుంది. 9191770xxxxx ఒక్క దెబ్బతో 770xxxxx అవుతుంది.

ఈ వాదాన్ని నిలబెట్టాలంటే ముందు పొడవు చూడాలి. పది అంకెలుండి 6 నుంచి 9 లోపు అంకెతో మొదలైతే ముట్టుకోకూడదు. పదకొండు ఉండి సున్నాతో మొదలైతే ఆ సున్నా తీయాలి. పన్నెండు ఉండి 91తో మొదలైతేనే 91 తీయాలి. అమెరికాలో ఉన్నవాళ్ళు మన నంబరును 011-91-91770-xxxxx అని రాస్తుంటారు. 011 ఢిల్లీ ఎస్‌టీడీ కోడ్ కూడా. ఢిల్లీ ల్యాండ్‌లైన్ అయితే సున్నాతో కలిపి పదకొండు అంకెలు, అమెరికా రాత అయితే పదిహేను. ఇక్కడా పొడవే తేలుస్తుంది. దేశం దాటని వ్యాపారానికి ఈ మాత్రం చాలనే నేనూ అంటాను.

పొడవుల వారీగా లెక్క వేస్తే జరిగిన నష్టం బయటపడుతుంది. డేటాలో ఎనిమిది అంకెల నంబర్లు ఒక్కసారిగా పెరిగి ఉంటే పైన చెప్పిన రెండు వరుసలను అనుమానించాలి. కోడ్ లేకుండా రాసిన హైదరాబాద్ ల్యాండ్‌లైన్లు కూడా ఎనిమిది అంకెలవే కాబట్టి, కస్టమర్ మొదట రాసిన రాత దాచి ఉంటేనే ఏది ఏదో తెలుస్తుంది. దాన్ని దాచకుండా దాని మీదే దిద్దేసినవాళ్ళకు వెనక్కి వెళ్ళే దారి లేదు.

చివరి పది అంకెల వాదం, గల్ఫ్ నంబర్లు

రెండో వాదం వాళ్ళు ముందు భాగంతో గొడవే పెట్టుకోరు. ముందు 0 ఉన్నా, 91 ఉన్నా, 0091 ఉన్నా చివరి పది అంకెలు ఒకటే కదా, అవి పోల్చితే చాలంటారు. మన దేశంలో ల్యాండ్‌లైనూ మొబైలూ రెండూ పది అంకెలవే కావడం వల్ల ఈ పద్ధతికి ఇక్కడ బాగా బలం చేకూరింది. ఫోన్ తయారీలో కూడా ఇలాంటి ఆలోచనే నడిచింది. ఆండ్రాయిడ్ తొలి రోజుల్లో వచ్చే కాల్‌ని కాంటాక్టులతో పోల్చడానికి చివరి ఏడు అంకెలు కలిస్తే చాలని పెట్టుకున్నారు.

విదేశాల్లో కస్టమర్లు లేని దుకాణానికి ఈ పద్ధతితో పెద్ద ఇబ్బంది ఉండదు. తెలుగువాళ్ళకు అమ్మే దుకాణానికి గల్ఫ్ కస్టమర్లు లేకపోవడం అరుదు. అక్కడి మొబైల్ నంబర్లకు చివరి పది అంకెలు తీస్తే ఏమవుతుందో చూడండి.

| దేశం | పూర్తి రూపం | చివరి పది అంకెలు |
|---|---|---|
| కువైట్ | +965 5xxx xxxx | 655xxxxxxx |
| ఖతర్ | +974 3xxx xxxx | 743xxxxxxx |
| బహ్రెయిన్ | +973 3xxx xxxx | 733xxxxxxx |
| ఒమన్ | +968 9xxx xxxx | 689xxxxxxx |
| సౌదీ అరేబియా | +966 5x xxx xxxx | 65xxxxxxxx |
| యూఏఈ | +971 5x xxx xxxx | 15xxxxxxxx |

మొదటి ఐదూ అచ్చం మన మొబైల్ నంబర్లలాగే ఉన్నాయి. దేశం కోడ్ చివరి అంకెలు నంబరుకు అతుక్కుపోయి 6తోనో 7తోనో మొదలయ్యే పది అంకెలు తయారయ్యాయి. సింగపూర్ నంబరుకైతే కత్తిరించే పని కూడా లేదు. +65 8xxx xxxx లో ప్లస్ తీసేస్తే సరిగ్గా పది అంకెలే మిగులుతాయి.

ఇలా తయారైన నంబరు నిజంగా మన దేశంలో ఎవరికో ఉండి, ఆ వ్యక్తి కూడా ఇదే దుకాణంలో కొని, ఇద్దరి ఖాతాలూ కలిసిపోవడం చాలా అరుదు. తరచు జరిగేది ఇంకొకటి. చివరి పది అంకెలు దాచుకున్న సాఫ్ట్‌వేరు సందేశం పంపేటప్పుడు వాటి ముందు 91 చేరుస్తుంది. కువైట్‌లో ఉన్నాయన పార్సిల్ వివరాలు మన దేశంలోనే ఎవరో తెలియని మనిషి ఫోనుకు వెళతాయి. ఆ నంబరు చెల్లేదే కాబట్టి సందేశం చేరిందనే లెక్కలో పడుతుంది, తప్పు జరిగినట్టు ఎక్కడా కనిపించదు.

యూఏఈ కథ వేరు. అక్కడివాళ్ళు తమలో తాము సున్నా పెట్టి 05x అని రాసుకుంటారు. ఒకే మనిషి ఒకసారి 05xxxxxxxx అని, ఇంకోసారి +9715xxxxxxxx అని రాస్తే చివరి పది అంకెలు ఒకచోట 05తోనూ ఇంకోచోట 15తోనూ మొదలవుతాయి. ఖాతా రెండు ముక్కలవుతుంది. గల్ఫ్‌కి పార్సిళ్ళు పంపే ఏ దుకాణమూ ఈ పద్ధతి మీద ఆధారపడకూడదని నా నిశ్చితాభిప్రాయం.

ముందు దేశం తేల్చమనేవారు

మూడో వాదానికి ఆయుధం గూగుల్ ఉచితంగా అందరికీ ఇచ్చిన `libphonenumber`. ప్రతి దేశంలో నంబర్లు ఎన్ని అంకెలు, దేనితో మొదలవుతాయి, ముందు సున్నా ఉంటుందా అన్న వివరాలన్నీ అందులో ఉన్నాయి. పైథాన్‌లో దాని పేరు `phonenumbers`. నంబరుతో పాటు "దేశం రాయకపోతే ఏ దేశం అనుకోవాలి" అన్నది కూడా దానికి చెప్పాలి. మన దేశం అని చెబితే పైన ఉన్న మూడు రాతలనూ అది +9191770xxxxx గానే తేలుస్తుంది. పది అంకెల నంబరులో మొదటి 91ని తీయదు, పన్నెండు అంకెల నంబరులో తీస్తుంది. ఇటలీ సున్నా కూడా దానికి తెలుసు.

అయితే "రాయకపోతే ఏ దేశం" అన్న ఆ ఒక్క మాటలోనే అసలు తగాదా ఉంది. మన నంబరూ పది అంకెలదే, అమెరికా నంబరూ పది అంకెలదే. డాలస్ ప్రాంతపు ఏరియా కోడ్లలో 972 ఒకటి. న్యూజెర్సీలో ఎడిసన్ వైపు 732 వాడతారు. కాలిఫోర్నియా బే ఏరియాలో 650, 669 ఉన్నాయి. తెలుగువాళ్ళు ఎక్కువగా ఉన్న ఈ చోట్ల కోడ్లన్నీ మన మొబైల్ నంబరు మొదలైనట్టే మొదలవుతాయి. డాలస్‌లో ఉన్న కోడలు 972 555 01xx అని రాస్తే, మన దేశం అనుకోమని చెప్పిన సాఫ్ట్‌వేరు దాన్ని +91 చేర్చి చెల్లే నంబరుగానే తీసుకుంటుంది. తిరగేసి చూస్తే విజయవాడావిడ 91770xxxxx కూడా అంతే. 917 న్యూయార్క్ నగరం కోడ్.

పార్సిల్ వెళ్ళే అడ్రసును బట్టి దేశం అనుకోమని కొందరి సలహా. డాలస్ కోడలు తన ఇంటికే తెప్పించుకుంటే అది పనిచేస్తుంది. విజయవాడలో ఉన్న అత్తగారికి పంపమని ఆర్డరు పెడితే అడ్రసు మన దేశంలో ఉంటుంది, నంబరు అమెరికాది అవుతుంది. అమెరికా వెళ్ళి పదేళ్ళయినా వాట్సాప్‌ని పాత ఇండియా నంబరు మీదే నడిపేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ విషయంలో అడ్రసు టెక్సస్‌ది, నంబరు మనది. ఫారంలో దేశం ఎంచుకునే గడి పెట్టమని ఇంకో సలహా. గడిలో ముందే +91 పెట్టి ఉంచితే, దాన్ని మార్చకుండానే కింద 972 టైపు చేసేవాళ్ళుంటారు. అప్పుడు తప్పు నంబరు పూర్తి రూపంలో, ప్లస్ గుర్తుతో సహా నిశ్చయంగా వచ్చి కూర్చుంటుంది.

నాకు సబబుగా తోచే దారి, ఏ దారిన వచ్చిన నంబరును ఆ దారి లెక్కన చదవడం. వాట్సాప్ నంబరులో దేశం కోడ్ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ముందు ప్లస్ చేర్చి చదివితే ఊహించే పనే లేదు. కౌంటరులో నంబరు చెప్పినవాళ్ళు చాలావరకు మన దేశం వాళ్ళే. అనుమానం వెబ్‌సైటు నంబర్ల మీదే. అందులోనూ విదేశీ అడ్రసో, విదేశీ కార్డుతో చెల్లింపో ఉన్నవాటి మీద. వాటిని రెండు దేశాల లెక్కనా చదివి చూడొచ్చు:

```python
import phonenumbers as pn

def readings(raw, regions=("IN", "US")):
    out = set()
    for r in regions:
        try:
            n = pn.parse(raw, r)
        except pn.NumberParseException:
            continue
        if pn.is_valid_number(n):
            out.add(pn.format_number(
                n, pn.PhoneNumberFormat.E164))
    return out
```

నంబరు ప్లస్ గుర్తుతో ఉంటే ఏ దేశం చెప్పినా ఒకే జవాబు వస్తుంది. లేకపోతే రెండు జవాబులు రావచ్చు. రెండు వస్తే ఏదో ఒకటి ఎంచుకోకుండా "తేలలేదు" అని రాసి ఉంచి, పార్సిల్ కట్టే ముందు మనిషిని అడగాలి. దీన్ని అన్ని నంబర్ల మీదా నడిపితే మాత్రం ప్రయోజనం లేదు. 917 లాంటి కోడ్లు ఎన్నో ఉండటం వల్ల మామూలు ఇండియా నంబర్లే కుప్పలుగా "తేలలేదు" జాబితాలో పడతాయి.

పోల్చకముందే పాడైనవి

మూడు వాదాల వాళ్ళూ అంకెలు సరిగ్గా చేతికొచ్చాయనే అనుకుంటారు. మధ్యలో ఎక్సెల్ ఉంటే ఆ నమ్మకం పెట్టుకోలేం. గడిలో +9191770xxxxx అని కొట్టగానే ఎక్సెల్ ప్లస్‌ను వదిలేసి దాన్ని పెద్ద సంఖ్యగా తీసుకుంటుంది. పన్నెండు అంకెలు కాబట్టి `9.19177E+11` లాగా కుదించి చూపిస్తుంది. అప్పటికి లోపల అంకెలన్నీ భద్రంగానే ఉంటాయి. అదే షీటును సీఎస్‌వీగా సేవ్ చేస్తే మాత్రం తెర మీద కనిపించే రూపమే ఫైలులోకి వెళుతుంది. మళ్ళీ తెరిస్తే 919177 వెనక ఆరు సున్నాలు ఉంటాయి.

ఇప్పుడు 91770తో మొదలయ్యే ప్రతి కస్టమరూ ఒకే కస్టమర్ అయిపోయారు. పైగా 9177 వెనక ఆరు సున్నాలు ఉన్న పది అంకెలు చెల్లే నంబరు లాగే ఉంటాయి కాబట్టి `libphonenumber` కూడా దాన్ని ఆపదు. అందుకే ఫైలు చేతికి రాగానే నాలుగైదు సున్నాలతో ముగిసే నంబర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. మామూలుగా అవి అరుదు. గుంపుగా కనిపిస్తే ఆ ఫైలును పక్కన పెట్టి, నంబరు గడిని టెక్స్ట్‌గా పెట్టి తీసిన కొత్త ఫైలు అడగాలి. పోయిన అంకెలు ఏ సూత్రంతోనూ తిరిగి రావు.

కంటికి కనిపించని అక్షరాలు ఇంకో రకం చేటు. ఫోన్ కాంటాక్టుల నుంచి కాపీ చేసిన నంబరుకు ముందు U+202A, వెనక U+202C అనే గుర్తులు అంటుకుని రావచ్చు. రాత ఎడమ నుంచి కుడికి నడవాలని చెప్పే గుర్తులవి, తెర మీద కనిపించవు. రెండు నంబర్లు పక్కపక్కనే పెట్టి ఎంత చూసినా తేడా తెలియదు, కంప్యూటరు మాత్రం కలవలేదంటుంది. అలాంటప్పుడు పొడవు అడిగితే ఒకటి 13, ఇంకోటి 15 అని చెబుతుంది.

నంబరు ఒకటే, మనిషి ఒకరేనా

ఇప్పటిదాకా చూసినవన్నీ నంబరును గుర్తుపట్టే వాదాలు. దుకాణానికి కావాల్సింది మనిషి. ఈ తేడాను లెక్కల్లోకి తెచ్చినవాళ్ళు కెనడా గణాంక శాఖలో పనిచేసిన ఇవాన్ ఫెలెగి, అలన్ సంటర్. రెండు రికార్డులు ఒకే మనిషివా అన్న ప్రశ్నకు అవును, కాదు అనే రెండు జవాబులే కాక "కావచ్చు, మనిషి చూసి తేల్చాలి" అనే మూడోది కూడా ఉండాలని 1969లో వచ్చిన వాళ్ళ సిద్ధాంతం చెబుతుంది. పేరు, అడ్రసు, నంబరు ఒక్కొక్కటీ ఒక్కో సాక్ష్యం. ఏ సాక్ష్యానికి ఎంత బరువో డేటాను బట్టి కడతారు.

మన ఇళ్ళలో ఈ బరువులు ఎలా మారతాయో చూడాలి. ఒకే నంబరు మీద అమ్మా కూతురూ ఇద్దరూ ఆర్డరు పెట్టే ఇళ్ళున్నాయి. ఒకే ఫోనులో రెండు సిమ్ములు వేసుకుని ఒక్కోసారి ఒక్కో నంబరు చెప్పేవాళ్ళున్నారు. వాడకం ఆగి రద్దయిన నంబరును 90 రోజులు ఖాళీగా ఉంచాక కొత్తవాళ్ళకు ఇవ్వొచ్చు. కాబట్టి రెండేళ్ళ కిందటి నంబరు ఈరోజు వేరే మనిషిది కావచ్చు. ఆ కొత్త మనిషి వెబ్‌సైటులో తన నంబరు కొట్టగానే పాతావిడ ఇంటి అడ్రసు తెర మీదికి వస్తే, అది ఖాతాలు విడిపోవడం కన్నా ఎంతో పెద్ద తప్పు. విడిపోయిన ఖాతా వల్ల ఒక తగ్గింపు కూపను పోతుంది. కలవకూడనివి కలిస్తే ఒకరి ఇల్లు ఇంకొకరికి తెలుస్తుంది. చాలా రోజులుగా వాడకంలో లేని నంబరు తిరిగొస్తే ఓటీపీ కూడా కొత్త మనిషి ఫోనుకే వెళుతుంది కాబట్టి, పాత పేరో అడ్రసో వాళ్ళే చెబితే తప్ప పాత వివరాలు చూపకూడదు.

నంబరుకు తోడుగా పేరు చూద్దామంటే తెలుగు పేర్లతో ఇంకో చిక్కు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, అమెరికా ఫారాలు చివర అడుగుతాయి. లక్ష్మి అన్న పేరు ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒకరు ఎక్స్ పెడతారు, ఒకరు కె, ఎస్, హెచ్ పెడతారు. అందువల్ల పేర్లు కలవకపోతే మనుషులు వేరని అనడం తొందరపాటు. నంబరూ పేరూ రెండూ కలిస్తే ఒకే మనిషి అనుకోవచ్చు. నంబరు కలిసి పేరు కలవకపోతే ఖాతాలు కలపకుండా "ఒకే ఇల్లు కావచ్చు" అని ముడి వేసి ఉంచడం మేలు.

కౌంటరు నంబర్లను చూసేటప్పుడు ఇంకో పరీక్ష పెట్టాలి. నంబరు చెప్పడం ఇష్టం లేని కస్టమర్ వచ్చినప్పుడు, గడి ఖాళీగా ఉంటే బిల్లు కదలదు కాబట్టి, కుర్రాడు పది తొమ్మిదులో, దుకాణం సొంత నంబరో కొట్టేస్తాడు. ఒక్కో నంబరు మీద ఎన్ని వేర్వేరు పేర్లున్నాయో లెక్క తీస్తే ఇవి పైకి తేలతాయి. అలాంటి నంబర్లను ముందే పక్కన పెట్టకపోతే ఊరంతా ఒకే నమ్మకమైన కస్టమర్ అవుతుంది. దీనికి మందు, నంబరు గడిని ఖాళీగా వదిలే వీలు ఇవ్వడం.

ఇంకా తేలనివి

పూర్తి రూపం కూడా శాశ్వతం కాదన్నది మొదటి చిక్కు. మెక్సికోలో మొబైల్‌కి విదేశం నుంచి చేయాలంటే +52 వెనక 1 కొట్టాల్సి వచ్చేది. 2019లో దాన్ని తీసేశారు. బ్రెజిల్‌లో 2012 నుంచి 2016 దాకా ప్రాంతాల వారీగా మొబైల్ నంబర్లకు ముందు ఒక 9 చేర్చారు. పాత రూపంలో దాచుకున్న నంబరూ కొత్త రూపంలో వచ్చిన నంబరూ రెండూ తమ కాలానికి సరైనవే, కానీ కలవవు. పాత నంబర్లన్నీ మార్చేయాలా, రెండు రూపాలూ ఖాతాలో ఉంచాలా అన్న దాని మీద ఏకాభిప్రాయం లేదు. కస్టమర్ రాసిన రాత, దాన్ని ఏ దేశం అనుకుని ఏ తేదీన చదివారు, వచ్చిన పూర్తి రూపం ఏది అన్న మూడూ విడిగా దాచుకున్నవాళ్ళు మాత్రం ఏ నిర్ణయమైనా తర్వాత తీసుకోగలరు.

చెల్లే నంబరా కాదా అని తనిఖీ ఎంత గట్టిగా పెట్టాలన్నది రెండోది. కొత్త సిరీస్‌లు తెరిచినప్పుడు దుకాణంలోని లైబ్రరీ పాతదైతే, నిజమైన కస్టమర్ నంబరును చెల్లదని తోసేస్తుంది. మన దేశంలో 6తో మొదలయ్యే నంబర్లు వచ్చిన కొత్తలో, 7, 8, 9 మాత్రమే ఒప్పుకునేలా రాసిన ఫారాలన్నిటికీ ఆ లోపం ఉన్నట్టే. పొడవు సరిపోతే తీసుకుని, చెల్లుతుందా లేదా అన్న అనుమానాన్ని పక్కన గుర్తు పెట్టుకోవడం నాకు మెరుగ్గా తోస్తుంది.

మూడోది నంబర్లను బయటికి పంపేటప్పుడు వస్తుంది. పాత కస్టమర్లకు ప్రకటనలు చూపించడానికి నంబరును నేరుగా ఇవ్వకుండా SHA-256 ముద్రగా మార్చి ఇస్తారు. గూగుల్ ప్లస్ గుర్తుతో సహా పూర్తి రూపాన్ని అడుగుతుంది. మెటా దేశం కోడ్ ఉండాలంటుంది గానీ గుర్తులు వద్దంటుంది. ఒక్క ప్లస్ తేడాతో ముద్ర మొత్తం మారిపోతుంది. ఒకరి కోసం చేసిన ఫైలును ఇంకొకరికి పంపితే ఒక్క కస్టమరూ కలవరు. ముద్ర వేస్తే నంబరు దాగిందనుకోవడమూ పొరపాటే. మన మొబైల్ నంబర్లన్నిటికీ వరసగా ముద్రలు వేసి పోల్చి చూడటం ఈనాటి కంప్యూటరుకు పెద్ద పని కాదు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తన వివరాలు తీసేయమని అడిగే హక్కు కస్టమర్‌కి ఇచ్చింది. విజయవాడావిడ రేపు వాట్సాప్‌లో ఆ మాట అడిగితే, దుకాణం 9191770xxxxx అన్న ఖాతా తీసేసి పని అయిందని జవాబిస్తుంది. 091770-xxxxx అన్న ఖాతాలో ఆవిడ పేరూ అడ్రసూ అలాగే ఉంటాయి, సంక్రాంతికి ఆవిడ ఫోనుకు మళ్ళీ సందేశం వెళుతుంది.